లోగో చూశాను తమ్ముడూ

తమ్ముడూ, నిన్న రాత్రి నువ్వు పంపిన లోగో చూశాను. వెంటనే జవాబివ్వలేదని ఏమీ అనుకోకు. పొద్దున మొదటి వాయి బన్నులు దించాక తీరిగ్గా చూద్దామని ఆగాను. బాగానే కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ ఎక్కడో తేడా కొడుతోంది. దాన్ని మీ భాషలో ఏమంటారో నాకు తెలియదు. అనిపించింది అనిపించినట్టే రాస్తున్నాను. ఫోన్ చేస్తే మొహమాటానికి "బాగుంది" అనేస్తాను, అందుకే ఈ మెసేజ్.

ఏమీ చెప్పకుండా మా బేకరీ మాస్టర్‌కి చూపించాను. చేతులనిండా మైదా, వంగి చూసి "ఏంటక్కా, మెడికల్ షాపు పెడుతున్నారా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, రాత్రంతా నాకు మాట దొరకనిది అదే. ఆ లేత నీలం, పుల్లల్లాంటి అక్షరాలు, చుట్టూ అంత తెలుపు. శుభ్రంగా ఉంది, కాదనను. చూస్తే ఆకలి మాత్రం వేయడం లేదు. లోపలికి రావాలంటే చెప్పులు విప్పాలేమో అన్నట్టుంది. మన షాపుకి ఆటోవాళ్ళు బండి ఇంజను ఆపకుండానే "అక్కా, రెండు ఎగ్ పఫ్" అని కేకేస్తారు. ఆ చనువు ఇందులో లేదు.

అక్షరాలు జ్వరం పడి లేచినట్టున్నాయి. పైగా ఒకదానికొకటి ముక్కూమొహం తెలియనట్టు ఎడం ఎడంగా నిలబడ్డాయి. కాస్త ఒళ్ళు చేసి, దగ్గర దగ్గరగా ఉంటే బాగుంటుందేమో. రాత్రి కలిపిన పిండి పొద్దుటికి గిన్నె అంచు దాకా పొంగి ఉంటుంది చూడు, అలా.

ఇక ఆ బొమ్మ. బన్ను అని నువ్వు రాశావు కాబట్టి బన్ను అనుకున్నాను, లేకపోతే హెల్మెట్టే. పైన మూడు గీతలు ఆవిరి కాబోలు. మా అబ్బాయి చూసి "అమ్మా, షాపులో వైఫై పెడుతున్నామా?" అని అడిగాడు. మన ఖారా బన్ను ఫోటో కింద పెడుతున్నాను, పెద్దది చేసి చూడు. అది గుండ్రంగా ఉండదు. ట్రేలో పక్కపక్కనే పెడతాం కదా, పొంగి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. విడదీస్తే పక్కలు తెల్లగా, పీచు పీచుగా కనిపిస్తాయి. పైభాగం మాత్రం వెన్న రాసినందుకు ఎర్రగా మెరుస్తుంది, మధ్యమధ్య కొత్తిమీర, పచ్చిమిరపకాయ ముక్కలు. ఇక్కడివాళ్ళకి ఆ తెల్లటి పక్క ఒక్కటి చూపిస్తే చాలు, బన్ను అని చెప్పనక్కర్లేదు. రంగు కూడా అందులోంచే తీసుకో. నీలం రంగు తిండి మన షాపులో ఏదీ లేదు, పిల్లల బర్త్‌డే కేకు మీద క్రీము తప్ప.

ఇంకో సంగతి, ఇది నాకూ ముందు తట్టలేదు. లోగో ప్రింటు తీయించి అరకిలో కేకు డబ్బా మీద అంటించి, మామూలుగా కట్టినట్టు దారం కట్టాను. దారం సరిగ్గా పేరు మధ్యలోంచే పోయింది! అన్నపూర్ణ కాస్తా "అన్న", "ర్ణ" అయి కూర్చుంది. పేరు ఒక మూలకి జరిపినా నాకు ఇబ్బంది లేదు.

కన్నడం సంగతి మాత్రం తప్పక చూడాలి. ఇక్కడ బెంగళూరులో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలని రూలు, నువ్వేమో ఇంగ్లిష్ పెద్దగా పెట్టి కన్నడ చీమంత వేశావు. సరే, అది జరిపేస్తావు. అసలు గొడవ వేరే. ఆ కన్నడం మన తెలుగులా ఉంది. వాళ్ళ తలకట్టు మనలా టిక్కు కొట్టినట్టు పైకి లేవదు, గీతలా అడ్డంగా వెళ్ళి చివర వంగుతుంది. "ర్ణ" కూడా మనం ర రాసి కింద ణ వత్తు ఇస్తాం. వాళ్ళు ణ రాసి, ర ని పక్కన కొక్కెంలా పెడతారు. నువ్వు మనలాగే వేసేశావు. ఇరవై ఏళ్ళుగా రామమూర్తి నగర్‌లో ఉంటున్నాను, హిందూపురం నుంచి వచ్చినదాన్నని అందరికీ తెలుసు, కానీ కన్నడం తప్పు రాయించుకుందంటే బాగుండదు. ఎదురు పూల కొట్టు ఆవిడకి చూపించి గానీ ఖాయం చేయొద్దు, నేనే చూపిస్తాను.

పేరు కింద ట్రే అంచులా వంచిన ఆ గీత మాత్రం తీసేయకు. అది నాకు భలే నచ్చింది, ఎందుకో చెప్పలేను.

మిగతా డబ్బు ఈ సాయంత్రమే వేస్తాను, మార్పులకీ దానికీ సంబంధం లేదు. బోర్డు అతను వచ్చే వారం కొలతలకి వస్తానన్నాడు, ఆలోపు ఇంకో రెండు రకాలు పంపు. శనివారం నాలుగున్నరకి వీలైతే రా. దిల్‌పసంద్ అప్పుడే దించుతాం, వేడిగా తింటూ రంగు కూడా చూసుకోవచ్చు.