డ్రిప్ ఫీల్డ్ టెక్నీషియన్లు ఇద్దరు కావాలి: నల్గొండ, జీతం నెలకు రూ. 16,000 నుంచి రూ. 20,500

ఇంతకు ముందు మేం పెట్టిన "చురుకైన యువకులు కావలెను, ఆకర్షణీయమైన జీతం" అనే ప్రకటనకు బదులు ఇది. దాన్ని చూసి ఫోన్ చేసినవాళ్లు దాదాపు అందరూ మూడు సంగతులే అడిగారు: జీతం ఎంత, ఏ ఊళ్లు తిరగాలి, దరఖాస్తు ఎట్లా పెట్టాలి. వాటికి జవాబులు ఇక్కడే రాస్తున్నాం. చదివాక మీకు కుదిరే పని అనిపిస్తేనే రండి. బస్సు చార్జీ పెట్టుకుని వచ్చాక "ఇది నాకు సరిపోదు" అనుకునే పరిస్థితి ఎవరికీ రావద్దు.

మేం ఎవరం

నల్గొండలో దేవరకొండ రోడ్డు మీద డ్రిప్, స్ప్రింక్లర్ సామాన్ల గోడౌన్ మాది. సామాను అమ్ముతాం, తోటలో బిగిస్తాం, తర్వాత రిపేరు కూడా మేమే చూస్తాం. ఇప్పుడు 13 మందిమి ఉన్నాం. మా రైతుల్లో ఎక్కువ మంది బత్తాయి తోటలవాళ్లు. కూరగాయలు, మిర్చి వేసేవాళ్లూ ఉన్నారు.

పని ఏంటిది

రోజుకు ఒకటి రెండు తోటలకు బండి మీద వెళ్లాలి. కొత్త తోటైతే టేపు పట్టి కొలవాలి, బోరు నీళ్లు ఎన్ని వస్తున్నాయో చూడాలి, మెయిన్ పైపు, సబ్‌మెయిన్ ఎక్కడ వేయాలో కాగితం మీద గీయాలి. తర్వాత కూలీలతో కలిసి పైపు వేయించి, చెట్ల వరుసల వెంట సన్న పైపులు, అంటే లేటరల్స్ పరిచి, ఫిల్టర్, ఎరువును నీళ్లల్లో కలిపే వెంచురీ, వాల్వులు బిగించాలి. కాలువ తవ్వడం మీ పని కాదు, దానికి కూలీలు ఉంటారు. ఎంత లోతు తవ్వాలి, ఎటు తవ్వాలి అనేది మీరు చెప్పాలి.

పాత తోటల పని ఇంకా ఎక్కువ. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లల్లో ఉప్పు శాతం ఎక్కువ. రెండు మూడేళ్లకు డ్రిప్పర్ల రంధ్రాల్లో తెల్లటి ఉప్పు పేరుకుని, చివరి వరుసల చెట్లకు నీళ్లు అందవు. రైతు పైపు మార్చాలనుకుంటాడు, నిజానికి చాలాసార్లు కడిగితే సరిపోతుంది. ఫిల్టర్‌కు ముందు, వెనక ప్రెషర్ గేజ్ పెట్టి చూడడం, లేటరల్స్ చివర్లు విప్పి కడగడం, అవసరమైన చోట యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయడం మీ పనిలో ముఖ్యమైన భాగం. పైపు అమ్ముడుపోవాలని రైతుకు అక్కర్లేని పైపు అంటగట్టొద్దు. ఈ మాట మీరు పనిలో చేరిన మొదటి రోజే చెప్తాం, ఇక్కడా చెప్తున్నాం.

యాసిడ్ పని ఎట్లా చేయాలో మేం నేర్పిస్తాం. గ్లవ్స్, కళ్లద్దాలు, బూట్లు మేమే ఇస్తాం. అవి లేకుండా డబ్బా మూత తీయొద్దు. యాసిడ్‌ను నీళ్లల్లో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. నేర్పే రోజు ఈ మాట చాలాసార్లు వింటారు, విసుక్కోవద్దు.

ఈ ఉద్యోగంలో చేయకూడని పనులు కూడా ఉన్నాయి. మోటారు స్టార్టర్ డబ్బా విప్పడం, వైర్లు కలపడం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చేయి పెట్టడం మీ పని కాదు. రైతు బతిమాలినా వద్దు. కరెంటు పనికి ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తాం. బావిలోకి దిగడమూ వద్దు. రైతుల దగ్గర బాకీ డబ్బులు వసూలు చేయడం, నెలకు ఇంత అమ్మాలనే టార్గెట్ ఈ ఉద్యోగంలో లేవు.

ఎక్కడ, ఎప్పుడు

నల్గొండ, తిప్పర్తి, కనగల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, కట్టంగూర్, మునుగోడు, గుర్రంపోడు, నిడమనూరు మండలాలు. అప్పుడప్పుడు దేవరకొండ వైపు. రాత్రి ఊళ్లో ఉండాల్సిన పని రాదు, సాయంత్రానికి ఇంటికి చేరతారు. పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా, మధ్యలో గంట భోజనం. ఆదివారం సెలవు.

ఎండాకాలం గురించి ముందే చెప్పాలి. మార్చి నుంచి మే వరకు బోర్లలో నీళ్లు తగ్గుతాయి, ఎండకు చెట్టు తట్టుకోదు, రైతుల ఫోన్లు ఆగవు. ఆ మూడు నెలలు కొన్ని ఆదివారాలు రావాల్సి ఉంటుంది. వచ్చిన ఆదివారానికి ఒక రోజు జీతానికి రెట్టింపు ఇస్తాం, లేదంటే వర్షాకాలంలో రెండు రోజుల సెలవు తీసుకోవచ్చు. రెండిట్లో ఏది కావాలో మీ ఇష్టం. ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా తోట పని పెట్టం, ఆ నెలల్లో పొద్దున 6 గంటలకే మొదలుపెడతాం.

జీతం

డ్రిప్ పని తెలియని కొత్తవాళ్లకు రూ. 16,000. ఏడాది పాటు ఎవరి దగ్గరైనా హెల్పర్‌గా పైపులు బిగించినవాళ్లకు రూ. 17,500. ఒంటరిగా తోట కొలిచి, లేఅవుట్ గీసి, ఫిల్టర్ దగ్గరి సామాను మొత్తం బిగించగలిగినవాళ్లకు రూ. 19,000 నుంచి రూ. 20,500. ఈ మూడో రకంలో మీరు ఎక్కడ ఉంటారో పని చూసిన రోజే చెప్తాం. దీనికి పైన అడిగినా ఇవ్వలేం, దీనికి కింద ఎవరికీ ఇవ్వం. ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే జీతం.

మొదటి మూడు నెలలు నేర్చుకునే కాలం. అప్పుడు కూడా ఇదే జీతం, ట్రైనింగ్ పేరుతో కోత లేదు. కొత్తగా చేరినవాళ్ల పని ఏడాది తర్వాత చూసి రెండో మెట్టుకు మారుస్తాం.

బండి మీది, పెట్రోలుకు కిలోమీటరుకు రూ. 4 వేరే ఇస్తాం. ఇంటి నుంచి గోడౌన్‌కు వచ్చే దూరం లెక్కలోకి రాదు, గోడౌన్ నుంచి తోటలకు తిరిగిన దూరం వస్తుంది. ఫోన్ రీచార్జికి నెలకు రూ. 300.

చేతికి ఎంత వస్తుందో ఒక లెక్క చూడండి. కొత్తగా చేరినవాళ్లకు జీతం 16,000. అందులో ఈఎస్‌ఐ కింద 0.75 శాతం, అంటే 120 రూపాయలు పోతుంది. మిగిలేది 15,880. ఆ నెల 900 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు కింద 3,600, రీచార్జి 300. మొత్తం బ్యాంకు ఖాతాలో పడేది 19,780. ఇందులో పెట్రోలు డబ్బు బండికే పోతుందని గుర్తుంచుకుని ఇంటి ఖర్చు లెక్క వేసుకోండి. జీతం ప్రతి నెల 5వ తేదీలోపు పడుతుంది.

ఈఎస్‌ఐలో మీ వాటా కాక మా వాటా 3.25 శాతం మేం కడతాం. మీకూ, మీ మీద ఆధారపడిన ఇంటివాళ్లకూ వైద్యం దాని ద్వారా వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే కూడా అదే ఆదుకుంటుంది. పీఎఫ్ లేదు. 20 మంది కంటే తక్కువ ఉన్నాం కాబట్టి ఇప్పటికి కట్టడం లేదు. పీఎఫ్ ఉన్న ఉద్యోగం మీకు దొరుకుతుంటే అది కూడా బేరీజు వేసుకోండి. ఆరు నెలలు పూర్తయినవాళ్లకు దసరాకు సగం నెల జీతం బోనస్. పండుగ సెలవులు కాక ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు.

ఎవరు రావచ్చు

పదో తరగతి పాసై, టూవీలర్ లైసెన్సు, సొంత బండి ఉండాలి. ఈ మూడూ తప్పనిసరి. ఐటీఐలో ఫిట్టర్, ప్లంబర్ చేసినవాళ్లకు పని తొందరగా వస్తుంది గానీ, అది లేకపోతే తీసుకోం అని లేదు. వయసు 18 దాటాలి, పైకి పరిమితి పెట్టలేదు. పాత ప్రకటనలో "యువకులు" అని ఉంది, అది తీసేశాం. ఆడపిల్లలు, పెళ్లయిన ఆడవాళ్లు, నలభై దాటినవాళ్లు అందరూ దరఖాస్తు పెట్టొచ్చు. సొంత తోటలో డ్రిప్ చూసుకుంటున్న రైతు బిడ్డలైతే ఆ సంగతి తప్పక రాయండి, మా దృష్టిలో అది అనుభవమే.

ఇంగ్లీషు అవసరం లేదు. తెలుగు రాయడం, కూడికలు, గుణకారాలు రావాలి. పెద్దమనిషి కోపంగా "నీళ్లు వస్తలేవు" అన్నప్పుడు ముందు వినే ఓపిక ఉండాలి.

దరఖాస్తు ఎట్లా పెట్టాలి

ఒక తెల్ల కాగితం మీద మీ చేతిరాతతో ఇవి రాయండి: పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు, చదువు, ఇంతవరకు చేసిన పని, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎప్పటి నుంచి చేరగలరు. దానికి పదో తరగతి మెమో, లైసెన్సు జిరాక్సులు జతచేయండి. బయోడేటా డిజైన్ చేయించడానికి నెట్ సెంటర్‌లో డబ్బు పెట్టొద్దు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఇప్పుడు ఇవ్వొద్దు, ఉద్యోగం ఖాయమయ్యాకే అడుగుతాం.

ఆ కాగితాన్ని గోడౌన్ కౌంటర్‌లో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 లోపు ఇవ్వండి. ఇచ్చినట్టు నంబరు వేసి, సంతకం పెట్టిన చీటీ తీసుకోండి. రాలేనివాళ్లు కాగితం ఫొటో తీసి, మా గోడౌన్ బోర్డు మీద, బిల్లుల మీద ఉన్న వాట్సాప్ నంబరుకు పంపవచ్చు. అది తప్ప వేరే నంబరు మాది కాదు. చివరి తేదీ 2026 ఫిబ్రవరి 14, శనివారం, సాయంత్రం 5 గంటలు.

ఫిబ్రవరి 18న, పని చూడడానికి పిలిచేవాళ్లకు ఫోన్ చేస్తాం, పిలవనివాళ్లకు మెసేజ్ పెడతాం. ఏ కబురూ లేకుండా ఎవరినీ ఎదురుచూడనివ్వం. ఫిబ్రవరి 21, శనివారం గోడౌన్ వెనక జాగాలో పని చూస్తాం. సగం రోజు పడుతుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఎంపికైనా కాకపోయినా, రూ. 400, మధ్యాహ్నం భోజనం ఇస్తాం.

ఆ రోజు ఏం అడుగుతామో దాచడం లేదు. పీవీసీ పైపు కోసి అతికించమంటాం, లేటరల్ బిగించి చివర మూయమంటాం. ఒక లెక్క ఇస్తాం, ఇట్లాంటిది: 15 లీటర్ల బకెట్ 20 సెకన్లలో నిండితే బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుంది? జవాబు 2,700. చెట్టుకు గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెడితే, ఒక్కో చెట్టుకు 32 లీటర్లు, అంటే ఒక విడతలో 84 చెట్లకు మించి నడపలేం. తోటలో 300 చెట్లుంటే ఎన్ని విడతలు చేయాలో మీరే వేసి చూడండి. అన్నీ కొత్తవాళ్లకు రావాలని లేదు. అడిగి తెలుసుకుంటారా, తెలియకుండా ఊహించి చేస్తారా అనేది మాకు ముఖ్యం.

ఫిబ్రవరి 25న ఫలితం చెప్తాం. జీతం, పని వేళలు, పెట్రోలు లెక్క రాసిన కాగితం ఇస్తాం, చదువుకుని సంతకం పెట్టండి. మార్చి 2, సోమవారం చేరాలి.

దరఖాస్తుకు, ట్రైనింగ్‌కు, యూనిఫామ్‌కు, దేనికీ డబ్బు తీసుకోం. మా పేరు చెప్పి ఎవరైనా డిపాజిట్ అడిగితే ఇవ్వొద్దు, మాకు చెప్పండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టుకోం, చూసి అక్కడికక్కడే తిరిగి ఇస్తాం. ఎవరితోనూ ఫోన్ చేయించే అవసరం లేదు. సిఫారసు వచ్చిన కాగితం, రాని కాగితం ఒకే వరుసలో చూస్తాం.

ఇంకా ఏదైనా అడగాలంటే సెలవు రోజు కాకుండా ఏ రోజైనా సాయంత్రం 4 నుంచి 5 మధ్య గోడౌన్‌కు రండి. ఇప్పుడు మా దగ్గర పనిచేస్తున్న టెక్నీషియన్లు అప్పటికి తోటల నుంచి తిరిగి వస్తుంటారు. పని ఎట్లా ఉంటుందో, డబ్బు సమయానికి పడుతుందో లేదో వాళ్లనే అడగండి, మేం పక్కన నిలబడం.