అలసట తగ్గేదాకా నీ నాలుగు రోజుల ప్లాన్

సోమవారం హెవీ. నీ స్క్వాట్ మ్యాక్స్ 140 కిలోలు కాబట్టి 120తో 3 రెప్స్, 4 సెట్లు. బెంచ్ 80తో అంతే. సెట్‌కీ సెట్‌కీ మధ్య 4 నిమిషాలు కూర్చో. చివరి సెట్ దింపేసరికి ఇంకో రెండు రెప్స్ మిగిలినట్టుండాలి. మోకాళ్లు లోపలికి వాలినా, బార్ మధ్యలో ఆగినా వెంటనే 5 కిలోలు తీసెయ్.

మంగళవారం లైట్. స్క్వాట్ 90తో 5 రెప్స్, 3 సెట్లు, కింద ఒక్క సెకను ఆగి లే. నువ్వు దెబ్బతింటున్నది ఇక్కడే. పోయిన వారం తేలిగ్గా ఉందని 115 దాకా పోయావు, గురువారం వార్మప్‌లోనే నడుము పట్టేసింది. ఆ రోజు నీ మొహం చూసి నాకు భయమేసింది. ఎంత హుషారుగా ఉన్నా 90 దాటొద్దు.

గురువారం మీడియం: డెడ్‌లిఫ్ట్ 130తో 4 రెప్స్, 3 సెట్లు, బెంచ్ 72.5తో 5 రెప్స్, 4 సెట్లు.

శనివారం మళ్లీ లైట్. బెంచ్ 62.5తో 5 రెప్స్, 3 సెట్లు, తర్వాత రోయింగ్, పుల్లప్స్. 45 నిమిషాల్లో బయటపడు.

ఆదివారం రాత్రి నిద్ర సరిగా పట్టకపోతే సోమవారం 120 వద్దు, 107.5తో చెయ్యి. నాలుగో వారం బరువులు ఇవే, సెట్లు సగం.