బాబుకి స్పేసర్‌తో ఇన్‌హేలర్ ఇచ్చే పద్ధతి

అమ్మా, డాక్టరుగారు బాబుకి బుడెసొనైడ్ పంపు పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు పఫ్‌లు రాశారు. ఇది రోజూ వాడేది. ఆయాసం లేదు కదా అని మానకూడదు. పిల్లికూతలు వచ్చినప్పుడు ఇచ్చే సాల్‌బ్యుటమాల్ వేరే పంపు. రంగులు కంపెనీని బట్టి మారతాయి, అందుకని పేరు చదివే తియ్యండి. రెండింటికీ పద్ధతి ఒకటే.

1. బాబుని నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టి ఇవ్వొద్దు.

2. పంపు మూత, స్పేసర్ మూత తీసి, లోపల ఏమైనా ఇరుక్కుందేమో చూడండి.

3. పంపుని నాలుగైదుసార్లు గట్టిగా కుదపండి.

4. మందు డబ్బా పైకి ఉండేలా పంపుని స్పేసర్ వెనక రంధ్రంలో బిగించండి.

5. బాబుని ఊపిరి మెల్లగా బయటికి వదలమనండి. స్పేసర్ లోపలికి కాదు, బయటికే.

6. స్పేసర్ మూతి పళ్ల మధ్య పెట్టి, చుట్టూ పెదాలు మూయించండి. నాలుక అడ్డం రాకూడదు.

7. పంపుని ఒక్కసారి నొక్కండి. రెండూ ఒకేసారి కొట్టేస్తే పని అయిపోతుందనుకుంటారు. అలా చేస్తే మందు చాలావరకు స్పేసర్ గోడలకే అంటుకుపోతుంది, లోపలికి తక్కువ వెళ్తుంది.

8. నొక్కిన వెంటనే నోటితో మెల్లగా, నిండుగా పీల్చాలి. కొబ్బరిబోండాం స్ట్రాతో తాగినంత నింపాదిగా. మీ స్పేసర్ ఈల వేసిందంటే వేగంగా పీలుస్తున్నాడని అర్థం. తర్వాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. బిగపట్టలేకపోతే టెన్షన్ వద్దు: నోరు తియ్యకుండా స్పేసర్‌లోనే ఐదారుసార్లు మామూలుగా పీల్చి వదిలితే చాలు. ప్రతిసారీ లోపలి వాల్వు కదలాలి, చూస్తూ ఉండండి.

9. ఒక నిమిషం ఆగండి. రెండో పఫ్‌కి పంపుని మళ్లీ కుదిపి, 5 నుంచి అన్నీ చెయ్యండి. ఈ రెండోసారి కుదపడమే చాలామంది మర్చిపోతారు.

10. బుడెసొనైడ్ అయ్యాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మించండి, మింగనివ్వొద్దు. లేదంటే నోట్లో తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. రాత్రి పళ్లు తోమించేముందు పఫ్‌లు ఇస్తే ఈ పని కూడా కలిసొస్తుంది.

కొత్త పంపు అయినా, కొన్నాళ్లుగా వాడని పంపు అయినా, పెట్టెలోని కాగితంలో చెప్పినన్నిసార్లు ముందు గాలిలోకి కొట్టండి. డబ్బాని నీళ్లలో వేసి తేలుతోందా అని చూడకండి, దాంతో మందు ఎంత ఉందో తెలీదు. పంపు మీద అంకె ఉంటే అదే చూడండి.

స్పేసర్‌ని వారానికోసారి గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి, గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే స్టాటిక్ కరెంటు పుట్టి మందుని గోడలకు లాగేస్తుంది.

సాల్‌బ్యుటమాల్ ఇచ్చినా ఆయాసం తగ్గకపోతే, మాట పూర్తిగా చెప్పలేకపోతే, పెదాలు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

మళ్లీ వచ్చేటప్పుడు రెండు పంపులూ, స్పేసరూ తీసుకురండి. మీరు ఎలా ఇస్తున్నారో నా ముందే ఒకసారి చేసి చూపిద్దురుగాని.