క్యాడ్ ల్యాబ్‌లో అదనపు సమయం, సాఫ్ట్‌వేర్ ఏర్పాటుకు అనుమతి కోరుతూ విన్నపం

విశాఖపట్నం,
18 ఆగస్టు 2025.

క్యాడ్ ల్యాబ్ ఇన్‌చార్జి లెక్చరర్ గారికి,
మెకానికల్ ఇంజనీరింగ్ విభాగం.

విషయం: కళాశాల వేళల తరువాత నాలుగు వారాలపాటు క్యాడ్ ల్యాబ్‌ను వాడుకోవడానికి, ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌ను ఒక కంప్యూటర్‌లో పెట్టుకోవడానికి అనుమతి కోరుట గురించి.

గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారములు.

నేను మూడో సంవత్సరం మెకానికల్ బి సెక్షన్ విద్యార్థిని. వారానికి ఒకసారి జరిగే మూడు గంటల ల్యాబ్ కాక, సోమ, గురువారాల్లో సాయంత్రం 4.30 నుంచి 7 గంటల వరకు, మంగళవారాల్లో 4.30 నుంచి 6 గంటల వరకు ల్యాబ్‌లో కూర్చుని త్రీడీ మోడలింగ్ సాధన చేసుకునేందుకు నాకు అనుమతి ఇవ్వవలసిందిగా మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఆగస్టు 25న మొదలుపెట్టి సెప్టెంబరు 18 వరకు పన్నెండు రోజులు, అంటే మొత్తం ఇరవై ఆరు గంటలు నాకు సరిపోతాయి. ఈ నెల 27న బుధవారం వినాయక చవితి కనుక ఆ రోజును, బయటి ఊళ్ళ విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళే శుక్ర, శనివారాలను నేను అడగడం లేదు.

ఈ అవసరం ఎక్కడ మొదలైందో చెబుతాను. గత ల్యాబ్‌లో మీరు ప్లమ్మర్ బ్లాక్ అసెంబ్లీ ఇచ్చినప్పుడు, ఇద్దరికి ఒక కంప్యూటర్ చొప్పున కూర్చున్నందువల్ల నా వంతుకు గంటన్నర మాత్రమే వచ్చింది. ఆ సమయంలో క్యాస్టింగ్ ముందు వీక్షణం, కొలతలు పూర్తిచేయగలిగాను గాని, బ్రాసులు, క్యాప్, బోల్టులు వేసి ఒకదానికొకటి అమర్చే పని మొదలుపెట్టకముందే బెల్లు కొట్టారు. ఇది మీ తప్పు గాని, నా జోడీ తప్పు గాని కాదు. అరవై మంది రెండు బ్యాచ్‌లుగా చేసే ల్యాబ్‌లో అంతకంటే ఎక్కువ సమయం ఎవరికీ రాదని నాకు తెలుసు. అయితే గీతలు గీయడానికే సమయం అయిపోతే, భాగాలు ఎలా కూడుకుంటాయో చూసే అవకాశం రావడం లేదు. నాకు అసలు నేర్చుకోవలసింది అదే అనిపిస్తోంది.

మా ఇల్లు గాజువాకలో ఉంది. మా నాన్నగారు ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డరు. పోయిన వేసవిలో ఆయన ఒక బ్రాకెట్ డ్రాయింగ్ జిరాక్సును ఇంటికి తెచ్చి, ఇందులో గాడి ఏ వైపు రావాలో చూడమని అడిగారు. అప్పటికే షెడ్డులో పద్నాలుగు ముక్కలు కోసేశారు, గాడి అన్నింటికీ అవతలి వైపున పడింది. కాగితం కింది మూలలో ఉన్న శంకువు గుర్తు థర్డ్ యాంగిల్ ప్రొజెక్షన్‌ది కాగా, అక్కడివారు అలవాటు చొప్పున ఫస్ట్ యాంగిల్‌గా చదివారు. మన క్లాసులో ఆ తేడా నేర్చుకున్నాను కనుక తప్పు ఎక్కడుందో చెప్పగలిగాను. కానీ ఆ ముక్కను స్క్రీన్ మీద త్రీడీలో తిప్పి చూపించగలిగి ఉంటే, ఎవరూ గుర్తును వెతకవలసిన పని లేకుండా, కోత పెట్టకముందే సంగతి తేలిపోయేది. డ్రాయింగ్ కోసం మోడల్ కాకుండా, మోడల్ నుంచి డ్రాయింగ్ తీయడం నేర్చుకోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

అందుకే ఫ్రీక్యాడ్‌ను ఎంచుకున్నాను. అది రుసుము లేని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కనుక లైసెన్సు కోసం కళాశాలకు ఖర్చు ఉండదు. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో అసెంబ్లీ చేసే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. టెక్‌డ్రా విభాగంలో వీక్షణాలు ఫస్ట్ యాంగిల్‌లో కావాలో, థర్డ్ యాంగిల్‌లో కావాలో మనమే నిర్ణయించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను ఒక స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఒక ఆదివారం వాడి చూశాను. స్కెచ్‌లో కొలతలన్నీ ఇచ్చాననుకున్నా ఒక బోల్టు రంధ్రం చుట్టూ గీత రంగు మారలేదు. చాలాసేపు చూస్తే, ఆ రంధ్రపు కేంద్రానికి నిలువు దూరం ఇచ్చి అడ్డ దూరం ఇవ్వడం మరిచానని తెలిసింది. అది ఇవ్వగానే గీతలన్నీ ఆకుపచ్చగా మారాయి. కొలత లేని చోటును ఈ సాఫ్ట్‌వేర్ దాచనివ్వదు. ఆ సాధన రోజూ కావాలనిపించింది గాని, ఆ ల్యాప్‌టాప్ మా స్నేహితుడి అక్కగారి ఉద్యోగానికి పనికివచ్చేది కనుక మళ్ళీ అడగడం బాగుండదు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు.

ల్యాబ్ కంప్యూటర్లను రీస్టార్ట్ చేయగానే సీ డ్రైవ్‌లో పెట్టినవన్నీ పోతాయని, ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలని నాకు తెలుసు. కాబట్టి ఇన్‌స్టాల్ చేయనవసరం లేని పోర్టబుల్ ప్రతిని డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డరులో విప్పి పెట్టుకుంటే చాలు, సిస్టమ్ అమరికల జోలికి వెళ్ళవలసిన పని ఉండదు. పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ వస్తుందన్న మీ జాగ్రత్త సరైనదే. అందుచేత నా పెన్‌డ్రైవ్ వాడకుండా, ల్యాబ్ అసిస్టెంట్ గారి సమక్షంలో ఫ్రీక్యాడ్ అధికారిక వెబ్‌సైట్ నుంచే ఫైలును దించి, `FreeCAD.7z` అని పేరు పెట్టి, విప్పే ముందు కింది ఆదేశాన్ని నడుపుతాను.

```
certutil -hashfile FreeCAD.7z SHA256
```

దీనితో వచ్చే అంకెలు, అక్షరాల వరుస ఆ ఫైలుకు ఫ్రీక్యాడ్ వారు ప్రకటించిన వరుసతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతేనే ఫైలును విప్పుతాను. సరిపోకపోతే దాన్ని తొలగించి మీకు తెలియజేస్తాను. కిటికీ పక్క వరుసలో చివరి కంప్యూటర్‌ను చాలా మంది వాడరు కనుక, అది నాకు కేటాయిస్తే ఎవరి పనికీ అడ్డం ఉండదు.

ఇరవై ఆరు గంటల్లో చేసే పని కూడా రాసి చెప్పడం న్యాయం. మొదటి వారం స్కెచ్‌లు, నకిల్ జాయింట్ భాగాలు. తరువాత రెండు వారాలు ప్లమ్మర్ బ్లాక్, స్క్రూ జాక్ అసెంబ్లీలు. ఆఖరి వారం వాటి నుంచి కొలతలతో ఫస్ట్ యాంగిల్ డ్రాయింగులు. ప్రతి గురువారం ఆ వారం ఫైళ్ళను, ఒక ప్రింటును మీకు చూపిస్తాను. ఒక వారం చూపించలేకపోతే తరువాతి వారం అనుమతిని మీరు నిలిపివేయవచ్చు. స్క్రూ జాక్ వరకు సరిగా వస్తే, వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్టును దాని మీదే చేయాలని ఉంది, ఆ విషయంలో మీ సలహా అప్పుడు విడిగా అడుగుతాను.

సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచాలంటే అసిస్టెంట్ గారు నా ఒక్కడి కోసం ఆగవలసి వస్తుందనేదే నన్ను సంకోచపెడుతున్న విషయం. ఆయనను అడిగాను. సోమ, గురువారాల్లో స్టాకు రిజిస్టరు పని కోసం ఏడు దాకా ఉంటానని, మంగళవారం మాత్రం ఆరింటికే వెళ్ళాలని చెప్పారు. కాబట్టి మంగళవారాల్లో నేను ఆరింటికే ముగిస్తాను, తగ్గిన గంట సమయాన్ని వేరే రోజు అడగను. వెళ్ళేముందు లైట్లు, ఏసీ, కంప్యూటర్ ఆపి రిజిస్టరులో సంతకం చేసి తాళం ఆయనకు అప్పగిస్తాను. ఏడింటికి బయలుదేరితే ఎన్.ఎ.డి. కూడలి దగ్గర బస్సు మారి తొమ్మిదిలోపు ఇల్లు చేరతాను, ఇందుకు మా నాన్నగారు ఒప్పుకున్నారు. కావాలంటే ఆయన సంతకంతో అంగీకార పత్రం కూడా తెస్తాను.

విభాగాధిపతి గారి అనుమతి కూడా అవసరమైతే, మీ సిఫారసుతో ఈ లేఖనే వారికి అందజేస్తాను. 22వ తేదీ శుక్రవారంలోగా మీ నిర్ణయం తెలియజేస్తే, సోమవారం నుంచే పని ప్రారంభించగలను.

ఇట్లు,
మీ విధేయ విద్యార్థి,
కె. సాయికుమార్,
మూడో సంవత్సరం, మెకానికల్ బి సెక్షన్,
రోల్ నెంబరు 46.