నీళ్లు నమలడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?

ఇంగ్లీషులోకి అనువదించమని నిన్న మీకిచ్చిన వాక్యం ఇది: "బాకీ సంగతి అడగగానే సుబ్బారావు నీళ్లు నమిలాడు." మీలో చాలామంది 'చ్యూడ్ వాటర్' అని రాశారు. నీళ్లకు వాటర్, నమలడానికి చ్యూ. విడివిడిగా ఏ మాటా తప్పు కాదు. కానీ అది చదివిన ఇంగ్లీషు పాఠకుడికి సుబ్బారావు జవాబు చెప్పలేక తడబడ్డాడన్న సంగతే అందదు.

నమలడానికి ఏమీ లేకపోయినా నోరు కదులుతోంది, మాట మాత్రం పెగలడం లేదు. తెలుగువాడు ఈ బొమ్మను చూస్తూ పెరిగాడు కాబట్టి వెంటనే పోల్చుకుంటాడు. ఇంగ్లీషులో ఈ తడబాటును 'హెమ్ అండ్ హా' అంటారు. అందులో నీళ్లూ లేవు, నమలడమూ లేదు, గొంతు సవరించుకునే చప్పుడుంది. అయినా సుబ్బారావు ఇబ్బంది చెక్కుచెదరలేదు. మనం కాపాడవలసింది దాన్నే.

దగ్గరగా కనిపించే జాతీయాలతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్' అనగానే 'గోడ మీద పిల్లి' అని రాసేస్తాం. అక్కడ కంచె, ఇక్కడ గోడ, సరిపోయినట్టే ఉంటుంది. కానీ కంచె మీద కూర్చున్నవాడు ఎటూ తేల్చుకోనివాడు. మన పిల్లి అలా కాదు, ఎటు లాభముంటే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. ఒక సభ్యుడు ఓటింగులో తటస్థంగా ఉన్నాడని ఇంగ్లీషు వార్త చెబితే, మనం అతన్ని గోడ మీద పిల్లిని చేస్తే, మూలంలో లేని నిందను మోపినట్టే. నా దృష్టిలో ఇది ఒక మాటను తప్పుగా అనువదించడం కంటే పెద్ద తప్పు. 'ఎటూ తేల్చలేదు' అంటే చాలు.

కొన్నిటికి అవతల జోడీ దొరకదు. "ఆవిడ వీధిలో అందరికీ తలలో నాలుక." 'టంగ్ ఇన్ ద హెడ్' అంటే అర్థం కాదు. 'రైట్ హ్యాండ్' అంటే ఒక్కరికే సాయపడే మనిషవుతుంది, వీధి మొత్తం జారిపోతుంది. ఇక్కడ జాతీయాన్ని వదులుకుని, ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు ఆవిడ దగ్గరికే వెళతారని మామూలు ఇంగ్లీషులో రాయండి.

అయితే 'మొసలి కన్నీరు' ఇంగ్లీషు నుంచి మాటకు మాటగానే వచ్చింది కదా అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఏళ్ల తరబడి వాడగా వాడగా అది మనదైంది. ఒక్కరు ఒక్క రాత్రి చేసిన అనువాదానికి ఆ వెసులుబాటు ఉండదు.

రేపటికి రెండు వాక్యాలు. "సంబంధం కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాడు." దీన్ని ఇంగ్లీషులోకి తేవాలి. 'షి బిట్ ద బులెట్ అండ్ సోల్డ్ ద హౌస్' తెలుగులోకి రావాలి. తూటాను పక్కన పెట్టి పళ్ల వైపు చూడండి. 'పంటి బిగువున' అన్న మాట పనికొస్తుందో లేదో, ఎందుకో కూడా రాసుకు రండి.