బ్యాటరీ ఆగకూడదు: వచ్చే ఆరు నెలల సోషల్ మీడియా ప్రణాళిక

కార్యవర్గ సభ్యులకు, వాలంటీర్లకు

పిల్లలకు చెవి మిషన్లు కొనివ్వడానికి మనకు పెద్ద దాతలు దొరుకుతున్నారు. ఇచ్చిన మిషన్ నడవడానికి కావలసిన డబ్బు మాత్రం దొరకడం లేదు. పోయిన ఏడాది ఒక తల్లి వచ్చి, మిషన్ ఉన్న డబ్బా నా చేతిలో పెట్టింది. పాడైందేమోనని తెరిచి చూశాను. బాగానే ఉంది. బ్యాటరీలు కొనలేక రెండు నెలలుగా దాన్ని బీరువాలో దాచారట. ఆ రెండు నెలలూ పాప రోజూ బడికి వెళ్లింది, పాఠం వినకుండానే తిరిగొచ్చింది. ఈ ప్రణాళిక రాయడానికి కారణం ఆ డబ్బా.

మిషన్‌లో వేసే బ్యాటరీ గాలితో పనిచేస్తుంది. దాని మీద చిన్న రంగు స్టిక్కర్ ఉంటుంది. అది తీయగానే లోపలికి గాలి వెళ్లి బ్యాటరీ మేలుకుంటుంది. ఆ తర్వాత మిషన్ ఆపేసినా అది మెల్లగా అయిపోతూనే ఉంటుంది. కొన్ని రోజులకో, ఒకటి రెండు వారాలకో కొత్తది కావాలి. పిల్లల చెవి పెరిగే కొద్దీ చెవిలో పెట్టే మోల్డ్ కూడా వదులైపోయి, మిషన్ కుయ్యిమంటుంది. అప్పుడు అదీ మార్చాలి. అంటే మన ఖర్చు ప్రతి నెలా, కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి వస్తుంది. దానికి సరిపోయేది కూడా అలాంటి డబ్బే: చాలామంది నుంచి, కొంచెం కొంచెంగా, ప్రతి నెలా.

కాబట్టి ఈ ఆరు నెలల్లో మనం అడిగేది ఒక్కటే. "ఒక పిల్ల మిషన్‌కి నెల బ్యాటరీలు మీవి." భవనానికో, వార్షికోత్సవానికో, ఇంకో పథకానికో ఈ పేజీల మీద అడగవద్దు. లక్ష్యం కూడా మొత్తంలో కాదు, మనుషుల లెక్కలో పెట్టుకుందాం: 400 మంది నెలవారీ దాతలు. పోయిన ఏడాది మనకు ఆన్‌లైన్‌లో ఇచ్చింది 83 మంది. వాళ్లలో 71 మంది ఒక్కసారే ఇచ్చారు. ఆ 71 మందిలో ఎవరికీ రసీదు తప్ప మన నుంచి ఇంకో మాట వెళ్లలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన లెక్క ఇదే. వాళ్లు మానేశారని అనుకున్నాం గానీ, పలకరించడం మానేసింది మనమే.

అందుకే మొదటి నెలంతా కొత్తవాళ్లను అడగం. ఆ 83 మందికీ పేరు పెట్టి, విడివిడిగా ఈ మాట పంపుతాం:

"నమస్కారం. పోయిన ఏడాది మీరు పంపిన డబ్బు చెవి మిషన్ల బ్యాటరీలకు వాడాం. ఇంతకాలం ఆ సంగతి మీకు చెప్పనందుకు క్షమించండి. ఈ 20 సెకన్ల వీడియోలో చేతులు మాత్రమే కనిపించే అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్టిక్కర్ తీసి, బ్యాటరీ వేసి, మిషన్ పెట్టుకోగానే తను మొదట చేసేది వాళ్ల తమ్ముణ్ణి పిలవడం. ఇప్పుడు మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. చూస్తే చాలు."

చివరి రెండు వాక్యాలు తీసేయవద్దని మనవి. అడగకుండా వచ్చిన మాటను జనం నమ్ముతారు.

రెండో నెల నుంచి వారానికి నాలుగు పోస్టులు. మూడింటిలో కబుర్లు: ఏ మిషన్ బాగైంది, ఎవరికి మోల్డ్ మారింది, వాలంటీర్ ఈ వారం ఏం నేర్చుకున్నారు. నాలుగోదానిలో అడుగుతాం. అడిగే పోస్ట్ ఇలా ఉంటుంది:

"ఈ నీలం స్టిక్కర్ తీస్తే ఒక పిల్లకు టీచర్ మాట వినిపిస్తుంది. కొన్ని రోజుల్లో ఇంకోటి తీయాలి. నెల బ్యాటరీల బాధ్యత మీరు తీసుకుంటారా? ఎప్పుడు కావాలన్నా ఆపేయవచ్చు, కారణం అడగం."

ఒక్క పిల్ల గురించి చెబితేనే చెయ్యి కదులుతుంది. వేలమంది అని చెబితే జనం "నా కొంచెంతో ఏమవుతుంది" అనుకుంటారు. అయితే ఆ ఒక్క పిల్లను జాలి బొమ్మగా చూపించడానికి మనకు హక్కు లేదు. ముఖం, పేరు, బడి పేరు ఎక్కడా రావద్దు. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, పిల్లను కూడా అడగాలి. ఎప్పుడైనా తీసేయమంటే అదే రోజు తీసేస్తాం. ఏడుపు సంగీతం వద్దు. ప్రతి వీడియోకీ సబ్‌టైటిల్స్ తప్పనిసరి. వినపడనివాళ్ల కోసం పనిచేస్తూ, వాళ్లే చూడలేని వీడియో పెడితే అది మన తప్పు.

ఎక్కడెక్కడ అన్నది క్లుప్తంగా. ఫేస్‌బుక్‌లో 4,200 మంది ఉన్నారు, పెద్ద కబుర్లు అక్కడ. ఇన్‌స్టాగ్రామ్‌లో చేతుల వీడియోలు. అక్కడ క్యాప్షన్‌లో లింక్ పెడితే నొక్కినా తెరుచుకోదు కాబట్టి బయోలో, స్టోరీ స్టిక్కర్‌లో పెట్టాలి. వాట్సాప్‌ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, డబ్బు నిజంగా వచ్చేది అక్కడి నుంచే అని నా నమ్మకం. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందికి మించి పట్టరు, పైగా మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. మన 610 మందిని మూడు లిస్టులుగా చేసి, ముందు నంబర్ సేవ్ చేసుకోమని అడగాలి. కొత్తగా ఇంకే యాప్‌లోనూ ఖాతా తెరవద్దు. చేసేది ఇద్దరమే.

మూడో నెలలో మన దాతలనే అడగమంటాం. 2014లో నెత్తిన మంచునీళ్లు పోసుకునే ఐస్ బకెట్ చాలెంజ్‌తో, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు దాదాపు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మంచునీళ్లు అందరికీ గుర్తున్నాయి గానీ, దాన్ని నడిపించింది ఇంకో చిన్న సంగతి: నీళ్లు పోసుకున్నవాళ్లు తర్వాతి వాళ్లను పేరు పెట్టి పిలిచారు. మనం అలాంటి వేడుక చేయం. పుట్టినరోజున ముగ్గురు స్నేహితులను పేరు పెట్టి అడగమని ప్రతి నెలవారీ దాతనూ కోరుతాం. సంస్థ అడిగితే జనం ఆలోచిస్తారు, స్నేహితుడు అడిగితే ఇస్తారు.

డబ్బు కట్టే పేజీ బాగుపడకుండా పైవేవీ మొదలుపెట్టవద్దు. ఇప్పుడది పదకొండు వివరాలు అడుగుతోంది. పేరు, ఫోన్ నంబర్, మొత్తం చాలు. "ప్రతి నెలా" ముందుగా టిక్ పెట్టి ఉండకూడదు, ఎదుటివాళ్లే ఎంచుకోవాలి. పాత ఫోన్‌లో, నెమ్మది నెట్‌లో మనమే కట్టి చూద్దాం. ఏ దారిన వచ్చారో తెలియడానికి లింకుల చివర `?utm_source=whatsapp` లాంటి గుర్తు వేరువేరుగా పెడదాం. ప్రకటనల డబ్బు కొంచెమే ఉంది. ఖర్చు పెట్టకుండానే బాగా నడిచిన పోస్టులకే దాన్ని వాడాలి.

లైకులు నివేదికలో రాయను. ప్రతి నెలా మూడు అంకెలు ఇస్తాను: కొత్త నెలవారీ దాతలు ఎందరు, మూడో నెలలో కూడా ఇస్తున్నది ఎందరు, ఆపేసినవాళ్లు ఎందరు. ఆపేసినవాళ్లకు ధన్యవాదాలు చెప్పే మెసేజ్ వెళుతుంది, మళ్లీ అడిగేది వెళ్లదు.

కామెంట్లకు 24 గంటల్లో జవాబు. "డబ్బంతా ఏం చేస్తున్నారు?" అని ఎవరైనా అడిగితే కామెంట్ తీసేయవద్దు. ఆ నెల కొన్న బ్యాటరీల బిల్లు ఫొటో అక్కడే పెడదాం. మన పేరుతో దొంగ ఖాతా కనిపిస్తే అదే గంటలో అన్ని పేజీల్లోనూ చెప్పి, రిపోర్ట్ కొట్టాలి.

ఈ సోమవారం పేజీ సరిచేసే పని మొదలవుతుంది. శుక్రవారానికి చేతుల వీడియో తీస్తాం, ఆ పాప, వాళ్లమ్మ ఇద్దరూ ఒప్పుకున్నారు. 83 మంది పేర్ల జాబితా ఈ కాగితానికి జతచేశాను. ఒక్కొక్కరు పది పేర్లు తీసుకుంటే ఆదివారానికల్లా అందరికీ మాట చేరుతుంది.