నేల పరిచ్ఛేదిక నమోదు: చెరువు కింది వరి మడి, వర్ధన్నపేట మండలం

యాసంగి కోతలైన మూడు వారాలకు, మే నెలలో, మడి నడిమిలో 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1.6 మీటర్ల లోతున గుంట తవ్వించాం. వాలు 1 శాతం లోపే ఉంది. పైన గట్టు మీద ఎర్ర చల్క, ఇక్కడ నల్లరేగడి. పొద్దుటి ఎండ నేరుగా పడేలా తూర్పుకు ముఖం పెట్టిన గోడను కత్తితో చెక్కి, పార గుర్తులు పోయాకే పొరలు విడదీశాం. రంగులన్నీ మన్సెల్ పుస్తకంతో, మట్టిని తడిపి, ఒక్కరే చూసి రాసినవి.

0–13 సెం.మీ., Ap1: 10YR 4/2, బంకమన్ను, చిన్న చిన్న గడ్డల నిర్మాణం, వరి వేర్లు విస్తారం. 3 సెం.మీ. వెడల్పు పగుళ్లు ఇక్కడ మొదలై 60 సెం.మీ. దాకా దిగాయి. కింది హద్దు స్పష్టం, చదును.

13–22 సెం.మీ., Ap2: 10YR 4/1. దమ్ము చేసి చేసి బిగిసిన పొర ఇది. కత్తి మొన గుచ్చితే దిగలేదు, గడ్డను విరిస్తే అడ్డంగా పలకలుగా విడిపోయింది. విరిగిన ముఖం మీద పాత వేరు దారుల వెంట తుప్పు రంగు మచ్చలు సన్నని గీతల్లా కనిపించాయి: 7.5YR 5/6, 2 మి.మీ. లోపు, పలక వైశాల్యంలో సుమారు 10 శాతం, నేల రంగు నుంచి కొట్టొచ్చినట్టు వేరుగా ఉన్నాయి. నీడలో చూసినప్పుడు వీటిని 10YR గా రాశాం. ఎండలో మళ్లీ పోల్చి సరిదిద్దాం.

22–48 సెం.మీ., Bw: 10YR 3/1, మొనలు మొద్దుబారిన మధ్యస్థ గడ్డలు, మచ్చలు లేవు.

48–102 సెం.మీ., Bss: 10YR 3/1. గడ్డలు చీలల ఆకారంలో ఒకదానిపై ఒకటి వాలి ఉన్నాయి. ఒకదాన్ని ఊడదీస్తే ముఖం గీతలు పడి, నూనె రాసినట్టు మెరిసింది. తడికి ఉబ్బి, ఎండకు కుంచించే నేల ఒరుసుకున్న గుర్తు ఇది. ఇక్కడా మచ్చలు లేవు. కింది హద్దు క్రమంగా మారుతూ అలలుగా ఉంది.

102–134 సెం.మీ., BCk: 10YR 5/3, గోళీలంత సున్నపు గడ్డలు; 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయగానే బాగా పొంగాయి.

134 సెం.మీ. నుంచి గుంట అడుగు దాకా, C: శిథిలమైన గ్రానైట్ నైస్ మొరం. నీటి ఊట తగలలేదు.

మచ్చలు పై గట్టిపొరలోనే ఉండి, కింద మూడడుగులకు పైగా నేలలో ఒక్కటీ లేకపోవడం వల్ల, ఈ మడిలో నీళ్లు భూగర్భం నుంచి ఎక్కడం లేదని, పైన పారించినవే Ap2 మీద ఆగుతున్నాయని నిర్ణయించాం. తవ్వుతున్నప్పుడే రైతు, ‘జానెడు కింద బిగుసుకున్నది సారూ, నీళ్లు దిగయి’ అన్నాడు. గోడ మీద మేము కొలిచిన గట్టిపొర అడుగు కూడా 22 సెంటీమీటర్లే. కాబట్టి మడి చివర మురుగు కాలువను లోతు చేయాలన్న ప్రతిపాదనకు ఈ గుంటలో ఆధారం లేదు. వరి తర్వాత ఆరుతడి పంట వేసేటట్టయితే మాత్రం, నేల పొడిగా ఉన్నప్పుడే 25 సెంటీమీటర్ల దాకా లోతు దుక్కి చేయాలి.